విబ్రియో లెక్కలకు లాగ్ గ్రాఫ్: రొయ్యల రైతుకు ఎలా చూపించాలి?

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర, ఆక్వా ల్యాబ్‌లో కొత్తగా చేరాను. గుంటల నీళ్లలో విబ్రియో బ్యాక్టీరియా లెక్క ఒక చోట 80 వస్తే ఇంకో చోట 60 వేలు వస్తోంది. మామూలు గ్రాఫ్ వేస్తే చిన్న అంకెలు కనిపించడం లేదు. లాగ్ స్కేల్ పెడితే రైతులు "ఇదేంది, గీతల మధ్య దూరం ఒకటే ఉంది, అంకెలు మాత్రం అలా దూకుతున్నాయి" అంటున్నారు. వాళ్లకి ఎలా చెప్పాలి?

జవాబు:

లాగ్ స్కేలే పెట్టండి. చిన్న అంకెలు కనిపిస్తాయన్నది ఒక లాభమే. ఈ లెక్కల్లో అంతకన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది, రైతుకి చెప్పాల్సింది కూడా అదే. నేను విడవలూరు, ఇందుకూరుపేట వైపు గుంటల రిపోర్టులు చాలాకాలం చూశాను. ఆ అనుభవంతో ఒక గుంటని ఉదాహరణగా తీసుకుంటాను. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే.

సీడ్ వదిలిన 20వ రోజు ఒక మిల్లీలీటరుకి 80 కాలనీలు. తర్వాత వారానికోసారి చూస్తే 400, 2,200, 11,000, 48వ రోజుకి 60,000. దీన్ని 10 సెంటీమీటర్ల ఎత్తున్న మామూలు గ్రాఫ్ మీద వేస్తే 80 అనేది అడుగు గీత నుంచి 0.13 మిల్లీమీటర్లు లేస్తుంది. అంటే గీతలోనే కలిసిపోతుంది. 2,200 కూడా నాలుగు మిల్లీమీటర్లు దాటదు. మూడు వారాలు నేలబారుగా పాకిన గీత, ఆఖరి వారంలో నిట్టనిలువుగా లేస్తుంది. అది చూసి రైతు అడిగే మొదటి మాట: "పోయిన వారం ఏం జరిగింది సార్? మేత మార్చాం, దానివల్లేనా?"

అవే అంకెల్ని లాగ్ మీద వేయండి. దాదాపు తిన్నని ఏటవాలు గీత వస్తుంది. ఎందుకంటే ప్రతి వారం లెక్క సుమారు ఐదు రెట్లు పెరిగింది. 80 నుంచి 400కి ఎంత వేగమో, 11,000 నుంచి 60,000కి కూడా అంతే వేగం. పోయిన వారం కొత్తగా ఏమీ జరగలేదు. మొదట్నుంచీ ఒకే తీరుగా పెరుగుతూ వస్తోంది, మూడో వారంలోనే తెలుసుకోవాల్సింది. మేత కంపెనీతో గొడవ పెట్టుకునే ముందు రైతు చూడాల్సిన గ్రాఫ్ ఇది.

ఇక చెప్పడం సంగతి. "లాగరిథం" అన్న మాటే ఎత్తకండి. ల్యాబ్‌లో మీరు వాడే ట్యూబుల స్టాండు తెచ్చి బల్ల మీద పెట్టండి. ఒక మిల్లీలీటరు గుంట నీళ్లు తొమ్మిది మిల్లీలీటర్ల ఉప్పు నీళ్లలో కలిపితే పదో వంతు. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి పక్క ట్యూబులో కలిపితే నూరో వంతు. ఒక్కో దాంట్లోంచి 0.1 మిల్లీలీటరు విబ్రియో మొలిచే టీసీబీఎస్ ప్లేటు మీద పరుస్తాం కదా. 60,000 ఉన్న గుంట నీళ్లు కలపకుండా పరిస్తే దాదాపు 6,000 కాలనీలు రావాలి, ప్లేటంతా అలుక్కుపోతుంది, లెక్కపెట్టలేం. మొదటి ట్యూబు నుంచి 600, రెండో ట్యూబు నుంచి 60. ఆ 60 హాయిగా లెక్కపెట్టొచ్చు. 80 ఉన్న గుంటకైతే కలపని నీళ్లతోనే ఎనిమిది కాలనీలు వస్తాయి.

ఈ ప్లేట్లని వరసగా పెట్టి చూపించండి. "గ్రాఫ్‌లో ఒక గీత పైకెక్కడం అంటే ఒక ట్యూబు ఎక్కువ కలపాల్సి రావడం" అని చెప్తే చాలు. ప్లేట్లు కళ్లతో చూసిన రైతు గీతల మధ్య దూరం గురించి మళ్లీ అడగడం నేను పెద్దగా చూడలేదు.

గ్రాఫ్ మీద 10³, 10⁴ అని రాయొద్దు. 10, 100, వెయ్యి, పది వేలు, లక్ష, పది లక్షలు అని రాయండి. ఎక్సెల్‌లో అయితే నిలువు యాక్సిస్ మీద రైట్ క్లిక్ చేసి Format Axis లో Logarithmic scale టిక్ పెట్టండి, Base 10 ఉంచండి. కామాలు మన లెక్కలో పడాలంటే Number దగ్గర ఈ ఫార్మాట్ ఇవ్వండి:

```
[>=100000]##\,##\,##0;##,##0
```

Minimum 10, Maximum 1000000 అని మీరే బిగించేయండి. వదిలేస్తే ఎక్సెల్ ఒక్కో గుంటకి ఒక్కో స్కేలు వేస్తుంది, పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరాదు. ప్రతి చుక్క పక్కన అసలు అంకె కూడా వేయండి. పది వేల గీతకీ లక్ష గీతకీ సరిగ్గా మధ్యనున్న చుక్కని అందరూ 55 వేలు అని చదువుతారు. అది నిజానికి 32 వేల లోపే. కడ్డీల బొమ్మ మాత్రం వేయకండి. లాగ్ స్కేలుకి సున్నా అడుగు ఉండదు కాబట్టి కడ్డీ పొడవుకి అర్థం ఉండదు. చుక్కలు, గీత చాలు.

రైతులు ఎక్కువ గొడవపడేది లెక్క తగ్గినప్పుడు. మన గుంటలో శానిటైజర్ వేశాక 60,000 కాస్తా 9,000 అయిందనుకోండి. "ఏంది సార్, ఇంత ఖర్చు పెడితే ఇంతేనా దిగింది?" అంటారు, ఎందుకంటే గీత ఒక మెట్టు కూడా పూర్తిగా దిగలేదు. నిజానికి 85 శాతం పోయింది. ఆ శాతం చుక్క పక్కనే రాయండి, కానీ అక్కడితో ఆగొద్దు. గ్రాఫ్ ఇంకో మాట కూడా చెప్తోంది. ఇంతకుముందులా వారానికి ఐదు రెట్లు పెరిగితే వారం తిరిగేసరికి మళ్లీ 45 వేలు. అంటే మందు కొనిపెట్టింది వారం పైచిలుకు టైమే. మామూలు గ్రాఫ్ మీద అదే తగ్గుదల పాతాళానికి పడినట్టు కనిపించి, రైతు నిశ్చింతగా ఇంటికెళ్లిపోతాడు.

ఏమీ మొలవని ప్లేటు సంగతి. సున్నాని లాగ్ మీద వేయలేం, ఎక్సెల్ కూడా హెచ్చరిక ఇస్తుంది. కొందరు సున్నా బదులు 1 వేసేస్తారు. అప్పుడు గీత ఇంకో మెట్టు కిందికి జారి, లేని తగ్గుదల చూపిస్తుంది. మనం పరిచింది 0.1 మిల్లీలీటరు కాబట్టి ఒక్క కాలనీ వచ్చినా అది 10 కింద లెక్క. ఏమీ రాకపోతే "10 కంటే తక్కువ" అనే తప్ప సున్నా అనలేం. 10 గీత మీద లోపల ఖాళీగా ఉన్న గుండ్రం పెట్టి, కింద ఆ మాట రాయండి.

20 వేలు, 40 వేలు లాగ్ మీద దగ్గర దగ్గరగా కనిపిస్తాయని బాధపడకండి. ఒకే గుంటలో రెండు మూలల నుంచి నీళ్లు తీసినా ఆమాత్రం తేడా రావడం మామూలే. రైతు ఆ రెండు అంకెల మీద టెన్షన్ పడకపోవడమే మంచిది.

అలాగని రిపోర్టులో అన్నిటికీ లాగ్ పెట్టేయకండి. మేత, రొయ్య బరువు, సెలినిటీ మామూలు స్కేల్లోనే బాగుంటాయి. pH అయితే పుట్టుకతోనే లాగ్ లెక్క, ఒక పాయింటు తేడా అంటే పది రెట్లు. దానికి మళ్లీ లాగ్ వేయకూడదు. విబ్రియోలో కూడా ఒక గుంట కల్చర్ మొత్తం 2,000కీ 9,000కీ మధ్యే తిరిగితే, ఆ ఒక్కదానికీ మామూలు గ్రాఫే వేసి ఇవ్వండి.