పెద్దవాళ్లకు బీమా గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

నువ్వు పంపిన ప్రకటన కాపీ చదివాను. అరవై దాటినవాళ్ల ఆరోగ్య బీమా కోసం నువ్వు రాసింది నాలుగే వాక్యాలు: "ఈ వయసులో గుండె ఎప్పుడు ఆగుతుందో ఎవరికి తెలుసు? ఒక్క రాత్రి ఐసీయూ మీ జీవితకాలపు పొదుపును మింగేస్తుంది. పిల్లలకు భారం కాకండి. ఈ రాత్రి 12 లోపు చేరండి, జేబులోంచి రూపాయి తీయకుండా క్యాష్‌లెస్ వైద్యం!"

ఇది మర్యాదగా లేదని నీకూ అనిపించే ఉంటుంది. దానికంటే పెద్ద లోపం ఒకటి ఉంది, ముందు అది చెబుతాను. భయపడి, తొందరలో ఫోన్ చేసిన మనిషి బీమాకు దరఖాస్తు చేసే ప్రపోజల్ ఫారంలో ఆరోగ్య ప్రశ్నల దగ్గర తడబడతాడు. పదేళ్లుగా వేసుకుంటున్న బీపీ మాత్ర ఆయన దృష్టిలో జబ్బు కాదు, కాఫీ లాంటి అలవాటు. ఎప్పుడో వేసిన స్టెంట్ సంగతి చెబితే పాలసీ ఇవ్వరేమోనని దాచేస్తాడు. రాత్రి 12 గడువు ఉంటే పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతికే తీరికే ఉండదు. రెండేళ్ల తర్వాత ఆసుపత్రిలో చేరినప్పుడు పాత రికార్డు బయటపడుతుంది, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరిస్తారు. పాలసీ ఎడతెగకుండా 60 నెలలు నడిచాక, మోసం రుజువైతే తప్ప, ఆ కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. అయితే ఆ అయిదేళ్లలోపే అవసరం పడితే, నీ తొందరకు ఆయన మూల్యం చెల్లిస్తాడు. అందుకే పెద్దవాళ్ల బీమా కాపీ చేయాల్సిన మొదటి పని ఫారం నింపడానికి వాళ్లను సిద్ధం చేయడం.

ఇప్పుడు నీ వాక్యాలు ఒక్కొక్కటి చూద్దాం.

గుండె వాక్యం మొత్తం తీసెయ్యి. అది కొత్త విషయమేదీ చెప్పదు. ఆ చోట వాళ్ల మనసులో నిజంగా ఉన్న ప్రశ్నకు జవాబు రాయి: "నాకు షుగర్ ఉంది, నాకు ఇస్తారా?" ఇస్తే ఇస్తామని, ఎప్పటినుంచి వర్తిస్తుందో కూడా అక్కడే రాయాలి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే బీమా వర్తించడానికి ఆగాల్సిన కాలం, 36 నెలలకు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన తెచ్చింది. నీ పాలసీలో ఎన్ని నెలలో, పాలసీ ముఖ్యాంశాలు ఉండే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ చూసి అదే అంకె వెయ్యి. కంటి శుక్లం, మోకాలి మార్పిడి లాంటి వాటికి విడిగా మరో వెయిటింగ్ ఉంటుంది. చాలామంది పెద్దవాళ్లు పాలసీ తీసుకునేది సరిగ్గా ఆ రెండింటి కోసమే. దాన్ని చిన్న అక్షరాల్లో దాచితే వాళ్లు ఎంతో ఆశ పెట్టుకున్న చోటే మోసపోతారు.

పొదుపు మింగేస్తుందన్న వాక్యానికి బదులు లెక్క చెప్పు. బెదిరింపు లేకుండా ఖర్చు గురించి మాట్లాడాలంటే అంకెలే దారి. నీ పాలసీలో కో-పే 20 శాతం ఉంది కదా. "20 శాతం కో-పే" అని రాస్తే చాలామందికి అది తగ్గింపులా వినిపిస్తుంది. రూపాయల్లో రాయి: ఆమోదించిన బిల్లు 1,80,000 అయితే కంపెనీ 1,44,000 కడుతుంది, మీరు 36,000 కట్టాలి. ఇది చదివిన మనిషి ఆ 36,000 ఎక్కడ సర్దుకోవాలో ముందే ఆలోచించుకుంటాడు. పైగా నీ "జేబులోంచి రూపాయి తీయకుండా" అన్న మాట ఈ లెక్క ముందు నిలబడదు. క్యాష్‌లెస్ అంటే కంపెనీ తన వాటాను ఆసుపత్రికి నేరుగా కడుతుందని మాత్రమే అర్థం. కో-పే, పాలసీలో లేని ఖర్చులు డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర మనమే కట్టాలి. గది అద్దెకు రోజుకు 5,000 పరిమితి ఉంటే అదీ రాయి. 8,000 గది తీసుకుంటే అద్దె తేడాతో ఆగదు, డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోత పడతాయి. ఒక్క వాక్యం చాలు: "రోజుకు 5,000 లోపు గది తీసుకుంటే ఈ కోత ఉండదు."

"పిల్లలకు భారం" అన్న మాట ఇంకెప్పుడూ రాయకు. ముప్పై నలభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషిని భారం అనే హక్కు మనకు లేదు. "ఈ వయసులో", "మిగిలిన జీవితం", "మలి సంధ్య" కూడా వద్దు. "అరవై దాటినవారు" అంటే చాలు. కొత్తవాళ్లు ఆప్యాయత చూపిద్దామని "తాతగారూ", "బామ్మగారూ" అని పిలుస్తారు. ముక్కూమొహం తెలియని కంపెనీ నోట అది చనువు అవుతుంది. "మీరు" చాలు. ఇంకోటి, కాపీ చదివేది తండ్రా, ప్రీమియం కట్టే కూతురా అన్నది ముందే తేల్చుకో. సగం ఆయనతో, సగం ఆమెతో మాట్లాడితే ఆయన ముందే ఆయన గురించి మూడో మనిషిలా చర్చించినట్టు ఉంటుంది. రెండు కాపీలు విడిగా రాయి.

ఇక గడువు. నువ్వు పెట్టిన రాత్రి 12 కల్పితం, తీసెయ్యి. కానీ నిజమైన తేదీలను దాచకు. పుట్టినరోజు తర్వాత ప్రీమియం పెరుగుతుందంటే ఆ తేదీ, ఆ తేడా ఒక్కసారి చెప్పు. రెన్యువల్ కాపీలో అయితే ఇలా: "మీ పాలసీ గడువు మార్చి 14. ఆ తర్వాత 30 రోజుల్లోపు కట్టినా ఇప్పటివరకు గడిచిన వెయిటింగ్ నెలల లెక్క పోదు. కానీ మార్చి 14 దాటాక కట్టే రోజు వరకు బీమా ఉండదు." ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవాళ్లకు నియమం ఇదే. ఎర్ర రంగూ ఆశ్చర్యార్థకమూ లేకుండానే ఇది అందుతుంది. "వేరే దిక్కు లేదు" అన్న ధ్వని కూడా రానివ్వకు. డెబ్బై నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ పథకం 2024 అక్టోబర్ నుంచి ఉంది, వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలుసు.

తొందరకు బదులు నెమ్మదిని రాతలోనే పెట్టు. పాలసీ పత్రం చేతికందాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వచ్చు. అప్పటివరకు బీమా ఉన్న రోజుల ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు సుంకం మినహాయించి మిగతాది తిరిగొస్తుంది. మినహాయింపు సంగతి వదిలేసి "పూర్తి డబ్బు వాపసు" అని రాయకు.

ఇవన్నీ కలిపితే నీ కాపీ దాదాపు ఇలా ఉంటుంది:

"అరవై దాటినవారికి 5 లక్షల ఆరోగ్య బీమా. షుగర్, బీపీ ఉన్నవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ జబ్బుల చికిత్సకు 36 నెలల తర్వాత, కంటి శుక్లం, మోకాలి మార్పిడికి 24 నెలల తర్వాత బీమా వర్తిస్తుంది. ఆమోదించిన ప్రతి లక్ష బిల్లులో 20 వేలు మీరు కట్టాలి. ఫోన్ చేసే ముందు మీరు వాడే మందుల చీటీ, పాత డిశ్చార్జ్ కాగితాలు దగ్గర పెట్టుకోండి. చిన్నదనిపించినా ప్రతి జబ్బూ చెప్పండి. క్లెయిమ్ సమయంలో అదే మీకు రక్ష. ఇంట్లోవాళ్లతో మాట్లాడి, మీకు వీలైన రోజు చెప్పండి. వివరాల పత్రం తెలుగులో కావాలంటే అడగండి."

కాగితం మీద 14 పాయింట్ల కంటే చిన్న అక్షరం వద్దు, బూడిద రంగు అసలే వద్దు. షరతుల అక్షరాలు కూడా అంతే పరిమాణంలో ఉండాలి. ఫోన్ నంబరు పక్కన ఏ వేళల్లో మనిషి ఎత్తుతాడో రాయి. తర్వాత పెద్దవాళ్ల చేత బయటికి చదివించు, చదివేవాళ్లు ఏ మాట దగ్గర వెనక్కి వెళ్లారో ఆ మాట మార్చు.

సవరించిన కాపీతో పాటు ప్రపోజల్ ఫారంలోని ఆరోగ్య ప్రశ్నల పేజీ కూడా పంపు. నీ రాత వాళ్లను ఏ ప్రశ్నకు సిద్ధం చేయలేదో గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో