రొయ్యల కోల్డ్ స్టోర్‌లో రోజూ సున్నా డిగ్రీలు

ప్రశ్న: అరేలో పెద్ద సంఖ్య కనుక్కునే ప్రోగ్రామ్ రాశాను. మామూలు సంఖ్యలకు బాగానే వస్తోంది, అన్నీ మైనస్ సంఖ్యలు ఇస్తే మాత్రం 0 చూపిస్తోంది. `max = 0` అని మొదలుపెట్టడంలో తప్పేముంది? అందరూ అలాగే రాస్తారు కదా?

అందరూ అలాగే రాస్తారు, నిజమే. నేనూ రాశాను, అదీ ల్యాబ్ రికార్డులో కాదు, జీతం తీసుకుంటూ రాశాను. గోదావరి జిల్లాలో ఒక రొయ్యల ప్లాంటు. గడ్డకట్టించిన సరుకుని మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకన్నా చల్లగా ఉండే కోల్డ్ స్టోర్‌లో పెడతారు. అందులో ఒక సెన్సర్, అయిదు నిమిషాలకొక రీడింగ్, అంటే రోజుకి 288. అర్ధరాత్రి దాటాక ఆ 288లో అతి ఎక్కువ, అతి తక్కువ తీసి ఒక రిపోర్టు పంపాలి. నేను రాసింది ఇంతే:

```c
float max = 0, min = 0;
for (int i = 0; i < n; i++) {
    if (t[i] > max) max = t[i];
    if (t[i] < min) min = t[i];
}
```

ఆఫీసులో బల్ల మీద పెట్టి చూశాను. గది వేడి 28 నుంచి 31 మధ్య ఉంది. మాక్స్ 31.4 అని సరిగ్గా వచ్చింది. మిన్ మాత్రం 0.0 అని వచ్చింది. నిజానికి అప్పుడే దొరకాల్సింది, కానీ వైరు పెట్టకముందు ఒకటో రెండో చెత్త రీడింగులు పడ్డాయిలే అనుకుని వదిలేశాను. తీసుకెళ్లి ప్లాంటులో బిగించాక కథ తిరగబడింది. అక్కడ అన్నీ మైనస్‌లు కాబట్టి మిన్ చక్కగా వస్తోంది, మాక్స్ సున్నా. ఒకే తప్పు, ఇక్కడ ఒక కాలమ్‌ని పాడు చేస్తే అక్కడ ఇంకో కాలమ్‌ని పాడు చేసింది.

వారం తిరక్కుండానే సూపర్‌వైజర్ గారి ఫోను. "ఏం బాబూ, నీ మిషను మా రూము రోజూ జీరోకి వస్తోందంటోంది, సరుకేమో రాయిలా ఉంది, ఏంటిది?" నేనేమన్నానో చెప్పనా? "తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచుతున్నారేమో చూడండి సార్" అన్నాను! ఆయన నమ్మారు కూడా. ఎందుకంటే లోడింగ్ అప్పుడు, డీఫ్రాస్ట్ అప్పుడు టెంపరేచర్ కొంచెం పైకి వెళ్లడం వాళ్లకి తెలిసిన విషయమే. తలుపు రబ్బరు మార్పించారు, ప్లాస్టిక్ కర్టెన్ కొత్తది వేయించారు. రిపోర్టులో మళ్లీ 0.0.

చివరికి నన్ను పట్టించింది ఆ సున్నా తీరు. నిజమైన రీడింగ్ ఏదైనా ఒక రోజు -16.8 ఉంటే ఇంకో రోజు -17.3 ఉంటుంది, అటూ ఇటూ ఊగుతుంది. ఇదేమో ఏ రోజు చూసినా దశాంశంతో సహా సరిగ్గా 0.0. ఆ రోజు 288 రీడింగులూ తీసి 0.0 కోసం వెతికితే అందులో ఒక్కటీ లేదు! లిస్టులో లేని సంఖ్య లిస్టులో పెద్దది ఎలా అవుతుంది? మీ ప్రోగ్రామ్‌కీ ఇదే పరీక్ష పెట్టండి, వచ్చిన జవాబు మీరిచ్చిన సంఖ్యల్లో ఉందా లేదా అని. మొత్తం అవసరం లేదు, నాలుగు రీడింగులు తీసుకుని చేత్తో నడిపితే చాలు: -19.2, -18.6, -17.9, -20.1. మొదటిది సున్నా కన్నా పెద్దదా? కాదు. రెండోది? కాదు. మూడోది, నాలుగోది కూడా కాదు. `if` లోపలికి ఒక్కసారి కూడా వెళ్లలేదు, మొదట్లో పెట్టిన సున్నా అలాగే బయటికొచ్చింది. అంటే పోటీలో పేరు ఇవ్వనివాడికి కప్పు ఇచ్చాం.

ఈ అలవాటు ఎక్కడ నుంచి వస్తుందో నాకు బాగా తెలుసు, కూడికల నుంచే. `sum = 0` అని పెట్టడం సరైనదే, ఏమీ కూడకముందు మొత్తం సున్నానే కదా. దాన్నే తెచ్చి మాక్స్‌కి అంటిస్తాం. కానీ ఏమీ చూడకముందు "ఇప్పటిదాకా చూసిన పెద్దది" అనేదే ఉండదు. ఇక మన ల్యాబుల సంగతి. 10 20 30 40 50 ఇస్తారు, 50 వస్తుంది, సంతకం పెడతారు, పేజీకి మార్జిన్ గీయలేదని మాత్రం మార్కు కోస్తారు. ఒక్క -5 ఇచ్చి చూసిన మేడమ్‌ని నా చదువు మొత్తంలో చూడలేదు. పరీక్ష మార్కుల్లాంటి చోట, అంటే మైనస్ రానే రాని చోట, సున్నాతో మొదలుపెట్టినా జవాబు సరిగ్గానే వస్తుంది, అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు.

సరే, తప్పు తెలిసింది కదా, దిద్దుదామని ఇంకో తెలివితక్కువ పని చేశాను. పూర్ణాంకాలకి `INT_MIN` అంటే అతి కింది సంఖ్య, -2147483648. అయితే ఫ్లోట్‌కి `FLT_MIN` అయి ఉంటుంది అనుకుని `max = FLT_MIN` అని పెట్టి, ధీమాగా ఫోన్ చేసి అయిపోయింది సార్ అని చెప్పేశాను. మర్నాడు రిపోర్టులో మళ్లీ 0.0. పిచ్చెక్కిపోయింది. విషయం ఏంటంటే `FLT_MIN` మైనస్ సంఖ్య కాదు, సున్నాకి కాస్త పైన ఉండే చాలా చిన్న ప్లస్ సంఖ్య, సుమారు `1.18e-38`. ఏ మైనస్ సంఖ్యా దాన్ని దాటలేదు, పైగా `%.1f` తో ప్రింట్ చేస్తే అది 0.0 లాగే కనిపిస్తుంది. అలా పేరు పెట్టినవాళ్లని ఏమనాలో నాకు తెలియదు. జావాలో `Double.MIN_VALUE` కూడా ఇదే బాపతు, జాగ్రత్త. అలా కింది నుంచే మొదలుపెట్టాలంటే `-FLT_MAX` అని రాయాలి.

కానీ నా మాట వింటే అవేవీ వద్దు, లిస్టులో మొదటిదాన్నే పెట్టుకోండి:

```c
float max = t[0], min = t[0];
for (int i = 1; i < n; i++) {
    if (t[i] > max) max = t[i];
    if (t[i] < min) min = t[i];
}
```

అవే నాలుగు రీడింగులు మళ్లీ నడపండి. -19.2తో మొదలవుతుంది, -18.6 దానికన్నా పెద్దది కాబట్టి మారుతుంది, -17.9కి మళ్లీ మారుతుంది, -20.1కి మారదు. జవాబు -17.9, అది లిస్టులో ఉన్నదే. ఇది పెట్టాక ప్లాంటు రిపోర్టులో -16.3 వచ్చింది, టైము చూస్తే సరిగ్గా లోడింగ్ జరిగిన టైమే. రబ్బరు ఖర్చు గురించి సూపర్‌వైజర్ గారు ఏమీ అనలేదు, "పాతదేలే, ఎలాగూ మార్చాల్సిందే" అన్నారు.

ఒక్కటి మిగిలింది. లిస్టు ఖాళీగా ఉంటే `t[0]` అనేదే ఉండదు. ఒక రోజు లాగర్‌కి కరెంటు లేక ఒక్క రీడింగూ పడలేదు, అప్పుడు మాక్స్ గడిలో ఏదో పనికిమాలిన సంఖ్య వచ్చింది. అందుకని ముందే `n == 0` అని చూసి, అలాంటి రోజు ఆ గడిలో గీత పెట్టేలా మార్చాను. మర్నాడు పొద్దున్నే ఫోను. "బాబూ, గడి ఖాళీగా ఉంటే ఆడిటర్ అడుగుతాడు, అక్కడ ఒక సున్నా వేసెయ్యకూడదూ?"