అక్క పిక్క వాస్తే ఆగొద్దు

అమ్మడూ,

నిన్న ఫోన్లో అక్క మోకాలి వెనక నిమ్మకాయంత గడ్డ లేచిందన్నావు. బ్రాడీపేటలో ఎవరో నూనెతో గట్టిగా రుద్దితే కరుగుతుందన్నారని కూడా చెప్పావు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేశాను కాబట్టి ముందు ఒక మాట: ఎవరినీ రుద్దనివ్వకు.

అక్క వయసులో అలా వచ్చేది ఎక్కువగా బేకర్స్ సిస్టే. పేరు చూసి భయపడకు. అది కొవ్వు గడ్డ కాదు, క్యాన్సర్ కాదు, మోకాలి కీలులో ఉండే జిగురు నీరు. గుజ్జు అరిగినప్పుడో, లోపలి మెత్తటి పొర చిరిగినప్పుడో, కీళ్ళవాతం ఉన్నప్పుడో కీలు ఎక్కువ నీరు చేస్తుంది. ఆ నీరు మోకాలి వెనక ఉన్న చిన్న సంచిలోకి పోతుంది. వెళ్ళడం సులువు, వెనక్కి రావడం కష్టం. అందుకే సంచి ఉబ్బుతుంది. కాలు చాపితే గడ్డ గట్టిగా, కొంచెం మడిస్తే మెత్తగా తగిలితే చాలావరకు ఇదే. చేతికి నాడిలా కొట్టుకుంటూ తగిలితే మాత్రం అది రక్తనాళం ఉబ్బి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకి చూపించు. సిరంజితో నీరు తీయించినా, మోకాలిలోని అసలు జబ్బు అలాగే ఉంటే మళ్ళీ నిండుతుంది. అందుకే మోకాలికి వైద్యం చేయించాలి.

ఇక నాకు టెన్షన్ పెట్టేది గడ్డ కాదు, పిక్క. మీ బాబాయ్‌కి జరిగింది చెబుతాను. ఆయనకీ రెండేళ్ళు ఇలాంటి గడ్డే ఉంది. ఒకరోజు ఇంద్రకీలాద్రి మెట్లు దిగుతుంటే మోకాలి వెనక ఏదో తెగినట్టయింది. "పిక్కలోకి వేడినీళ్ళు జారుతున్నట్టుంది" అన్నారు. సాయంత్రానికి పిక్క బిగుసుకుపోయి, ఎర్రబడి, నొక్కితే అరిచేంత నొప్పి. టైలర్ టేపు తెచ్చాను. మోకాలి చిప్ప కింద ముందువైపు ఎముక బొడిపె ఉంటుంది చూడు, అక్కడి నుంచి పది సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టి చుట్టుకొలత తీశాను. మంచికాలు 35, నొప్పికాలు 38న్నర. మూడు సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని చూడాల్సిందే. సిస్ట్ పగిలిందని నా మనసు చెబుతోంది, కానీ మనసు మాట మీద నేను ఆయన్ని ఇంట్లో ఉంచలేదు.

ఎందుకంటే సిస్ట్ పగలడం, సిరలో రక్తం గడ్డకట్టడం, ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అదే వాపు, అదే వేడి, అదే నొప్పి. ఎంత అనుభవం ఉన్నా చేత్తో తేల్చలేము, పైగా రెండూ కలిసి కూడా రావచ్చు. సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ పిక్కకి చేస్తేనే తెలుస్తుంది. తేలకుండా రుద్దితే, సిరలో రక్తపు గడ్డ ఉన్నట్టయితే అది కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. సిస్ట్ పగిలిన కాలుకి రక్తపు గడ్డ అనుకుని రక్తం పలచబరిచే మందు ఇస్తే, కండరాల మధ్య రక్తం కారి కాలు మరింత బిగుసుకుపోవచ్చు. అందుకే ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ కూడా నువ్వుగా వేయొద్దు.

బాబాయ్ స్కాన్‌లో రక్తపు గడ్డ లేదు, సిస్ట్ నీరు పిక్క కండరాల మధ్య దిగింది. కాలు ఎత్తులో పెట్టి, ఐసు పెడుతూ, నొప్పి మాత్రలతో మూడు వారాల్లో తగ్గింది. నాలుగో రోజు లోపలివైపు చీలమండ కింద నీలంగా నెలవంకలా కమిలింది. సిస్ట్ పగిలినప్పుడు అలా కనబడుతుంది, కానీ అందరికీ కనబడదు, వెంటనే కూడా కనబడదు. దాని కోసం ఎదురుచూడొద్దు.

అక్క మొన్నే తిరుపతి బస్సులో రాత్రంతా కాళ్ళు వేలాడేసి కూర్చుందన్నావు. అలాంటి ప్రయాణమైనా, ఈ మధ్య ఆపరేషనైనా, మంచాన పడినా, క్యాన్సర్ ఉన్నా రక్తపు గడ్డ అనుమానం పెరుగుతుంది. పిక్క ఏ మాత్రం వాచినా అదే రోజు డాక్టరుకి చూపించు, డాప్లర్ తీయమని నోరు తెరిచి అడుగు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీ నొప్పి పుట్టినా, దగ్గితే రక్తం పడినా, కళ్ళు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చెయ్యి. నాకు తర్వాత చెప్పు.

ఈ సాయంత్రం ఆ బొడిపె దగ్గర్నుంచి కొలిచి, రెండు పిక్కల అంకెలూ నాకు పంపు. నేను ఫోను పక్కనే పెట్టుకుంటాను.

మీ పిన్ని,
విజయవాడ