నానీ, కొత్త ఉద్యోగం పోస్టు పెట్టే ముందు ఇది చదువు

నానీ,

నీ డ్రాఫ్ట్ చదివాను. లేఆఫ్ తర్వాత నువ్వెంత నలిగిపోయావో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నీ కోపం న్యాయమే అంటాను. కానీ లింక్‌డిన్‌లో దాన్ని చదివేది పిన్ని ఒక్కతే కాదు కదా. నీ కొత్త మేనేజరు చదువుతాడు, పాత కంపెనీలో ఇంకా పనిచేస్తున్నవాళ్ళు చదువుతారు, రెండు మూడేళ్ళ తర్వాత నిన్ను ఇంటర్వ్యూకి పిలవాలా వద్దా అని చూసే నాలాంటి రిక్రూటర్లు నీ ప్రొఫైల్లో పాత పోస్టులు తిరగేసి మరీ చదువుతారు.

"ఆరేళ్ళు రాత్రీపగలూ కష్టపడితే ఒక్క మెయిల్‌తో తీసేశారు" అన్న మొదటి వాక్యం ఘాటుగా ఉందని నీకే అనుమానం వచ్చింది, తీసెయ్. నాకు అంతకంటే ఇబ్బందిగా అనిపించింది చివరిది: "ఎట్టకేలకు మనిషికి విలువిచ్చే కంపెనీలో చేరాను." కొత్తవాళ్ళని మెచ్చుకుంటున్నానని నువ్వనుకున్నావు, చదివేవాళ్ళకి మాత్రం పాతవాళ్ళు విలువివ్వలేదన్న మాటే వినిపిస్తుంది. "నిజమైన స్నేహితులెవరో ఇప్పుడు తెలిసింది" అన్నదీ అంతే, సాయం చేసినవాళ్ళకి థాంక్స్ కంటే చెయ్యనివాళ్ళకి దెప్పే ఎక్కువ వినిపిస్తోంది అందులో. నేను చూసినంతలో అక్కసు తిట్లలో కంటే ఇలాంటి మెచ్చుకోళ్ళ చాటునే ఎక్కువ బయటపడుతుంది. ఎట్టకేలకు, నిజమైన, ఈసారైనా, ఎన్ని జరిగినా, ఇలాంటి మాటలు తీసేసి వాక్యం మళ్ళీ చదువు. అర్థం మిగిలితే ఉంచు, మిగలకపోతే వాక్యం మొత్తం తీసెయ్.

అలాగని లేఆఫ్ సంగతి దాచకు. ఫిబ్రవరి నుంచి జులై దాకా ప్రొఫైల్లో ఖాళీ ఎలాగూ కనిపిస్తుంది, దాని గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే చదివేవాళ్ళు తోచింది ఊహించుకుంటారు. ఒకే వాక్యంలో, ఏ నెలలో ఏం జరిగిందో చెప్పు. ఎలా చేశారు, ఎవరు చేశారు, ఎంత అన్యాయం అన్నవి వద్దు. నేనైతే ఇలా రాస్తాను, నువ్వు ఇంగ్లీషులో నీ పద్ధతిలో పెట్టుకో:

"ఈ నెల మొదట్లో ఫలానా కంపెనీలో సీనియర్ డేటా ఇంజనీరుగా చేరాను. పేమెంట్స్ టీమ్‌లో పని. ఫిబ్రవరిలో మా టీమ్‌ని మూసేసినప్పుడు నా ఉద్యోగమూ పోయింది. అక్కడ ఆరేళ్ళలో పైప్‌లైన్లు కట్టడం, అవి అర్ధరాత్రి ఆగిపోతే నిలబెట్టడం నేర్చుకున్నాను, ఇక్కడ చేస్తున్నదీ ఆ పనే. ఈ మధ్యలో ఒక పాత సహోద్యోగి నా రెజ్యూమె తన మేనేజరుకి పంపింది, ఇంకొకరు వారాంతాల్లో కూర్చుని నాకు మాక్ ఇంటర్వ్యూలు చేశారు. ఇద్దరికీ కృతజ్ఞతలు. మా పాత టీమ్‌లో మంచి టెస్టర్లు ఇంకా ఉద్యోగం వెతుకుతున్నారు, మీ దగ్గర ఖాళీలుంటే నాకు మెసేజ్ పెట్టండి."

కొత్త ఉద్యోగం సంగతి మొదట్లోనే పెట్టాను చూడు. ఫోన్‌లో పోస్టు మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. చాలామంది నొక్కరు, లేఆఫ్‌తో మొదలుపెడితే వాళ్ళకి గుర్తుండేది అదొక్కటే. థాంక్స్ చెప్పేటప్పుడు వాళ్ళేం చేశారో చెప్పు, "అండగా నిలిచిన అందరికీ" అంటే ఎవరికీ చెప్పనట్టే. పేర్లు ట్యాగ్ చెయ్యాలంటే ముందు అడుగు, రెజ్యూమె పంపినట్టు నలుగురికీ తెలియడం వాళ్ళకి ఇష్టం ఉండకపోవచ్చు. పాత కంపెనీని మాత్రం ట్యాగ్ చెయ్యొద్దు.

ఇంకోటి, ఆఫర్ లెటర్ చేతికి రాగానే పెట్టే పోస్టు కాదిది. చేరి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అయిపోయాక పెట్టు. చేరకముందే ఆఫర్ వెనక్కి పోయిన కేసులు నేను చూశాను, అప్పుడు ఆ పోస్టు తీసెయ్యడం ఉద్యోగం పోయినదానికంటే నరకం. పాత కంపెనీలో సంతకం పెట్టిన సెపరేషన్ కాగితాలు ఒకసారి తీసి చూడు. కంపెనీ గురించి బయట చెడుగా మాట్లాడకూడదనే షరతు చాలావాటిలో ఉంటుంది, ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు ఇంకా రావాల్సి ఉంటే మరీ జాగ్రత్త. ప్రొఫైల్లో కొత్త ఉద్యోగం చేర్చేటప్పుడు నెట్‌వర్క్‌కి తెలియజేసే బటన్ ఆఫ్ చెయ్యి, లేదంటే నీ పోస్టు కంటే ముందే అందరికీ తెలిసిపోవచ్చు. ఫొటో చుట్టూ ఉన్న #OPENTOWORK ఆకుపచ్చ చట్రం కూడా అప్పుడే తీసెయ్.

ఇంత జాగ్రత్తగా రాసినా కామెంట్లలో ఎవరో ఒకరు "నీలాంటివాణ్ణి పోగొట్టుకోవడం వాళ్ళ ఖర్మ" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ దానికి నువ్వు లైక్ కొడితే ఆ మాట నువ్వన్నట్టే. "థాంక్స్ అన్నా, కొత్త పని బాగుంది" అని రాసి ఊరుకో. అసలేం జరిగిందని అడిగేవాళ్ళకి అక్కడ జవాబు చెప్పకు, ఫోన్‌లో మాట్లాడు. ఉద్యోగం కావాలని మెసేజ్ పెట్టే పాత టీమ్ వాళ్ళకి మాత్రం అదే రోజు జవాబివ్వు, వాళ్ళ రెజ్యూమెలు నాకూ పంపు.

మీ పిన్ని