కోరం అయిపోయిందా, ఉందా?

సందేహం: అయ్యా, మా సహకార సంఘం సర్వసభ్య సమావేశం మొదలుపెడుతూ కార్యదర్శి "కోరం అయిపోయింది, ఇక సభ మొదలుపెడదాం" అన్నారు. ఒక పెద్దాయన లేచి "అయిపోతే ఇంకేం సభ? ఇళ్లకు పోదాం" అన్నారు. అందరూ నవ్వారు. ఏమనడం ఒప్పు? అసలు కోరం తెలుగు మాటేనా?

సమాధానం: మీ పెద్దాయన చమత్కారి. కార్యదర్శిది పెద్ద తప్పని మాత్రం అనను. "పెళ్లి అయిపోయింది" అంటే జరిగిందని అర్థం. "బియ్యం అయిపోయాయి" అంటే లేవని అర్థం. జరిగే పనికి "అయిపోవడం" ముగింపు, వాడుకునే సరుకుకు ఖాళీ. చిక్కేమిటంటే, సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరైన కోరం పనీ కాదు, సరుకూ కాదు. అది ఏ రకం మాటో తేలితే దానికి ఏ క్రియ తగుతుందో తేలుతుంది.

మాట లాటిన్‌ది. అక్కడ "క్వోరుం" అంటే "ఎవరిలో నుంచి అయితే" అని. నామవాచకమే కాదు, ఒక సర్వనామానికి షష్ఠీ బహువచనం. ఇంగ్లండులో వెనకటి రోజుల్లో స్థానిక న్యాయాధికారులను నియమించే రాజపత్రం లాటిన్‌లో ఉండేది. అందులో కొన్ని పేర్లు ఎత్తి "వీరిలో నుంచి మీరు ఒకరై ఉండాలని మా కోరిక" అనే ధోరణిలో ఒక వాక్యం వచ్చేది. ఆ వాక్యం "క్వోరుం" అనే మాటతో మొదలయ్యేది కాబట్టి, అలా పేరు ఎత్తినవాళ్లకే ఆ మాట అంటుకుంది. వాళ్లు చట్టం తెలిసినవాళ్లు. వాళ్లలో ఒకరైనా లేకపోతే మిగతావాళ్లు ఎంతమంది కూర్చున్నా కొన్ని విచారణలు చెల్లేవి కావు. అంటే మొదట్లో కోరం తలల లెక్క కాదు, తప్పనిసరిగా ఉండాల్సిన మనుషులు. ఎవరు ఉండాలన్నది పోయి, ఎంతమంది ఉండాలన్నది తర్వాత వచ్చింది. రాజుగారి "కోరిక" పక్కనే ఉంది కదా అని కోరు ధాతువు నుంచి కోరం పుట్టిందని ఎవరైనా అంటే నమ్మకండి. అది ఉత్త కాకతాళీయం.

అయినా ఈ మాట తెలుగులో ఎంత హాయిగా ఒదిగిందో చూడండి. లాటిన్ విభక్తి ప్రత్యయం కాస్తా మన పుస్తకం, ఫలకం లాంటి మాటల చివరి "అం"లాగా వినిపించింది. అందుకే "కోరానికి ముగ్గురు తక్కువ" అంటున్నాం. "కోరంకి" అనేవాళ్లు ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు. వాళ్లు "పుస్తకంకి" కూడా అంటారు, వాళ్లతో నాకు వేరే తగాదా ఉంది. కాబట్టి పుట్టుక వేరైనా, కోరం ఇప్పుడు తెలుగు మాటే. హిందీవాళ్ల "గణపూర్తి" చక్కని మాటే గానీ, మన సభలో అంటే పక్కవాణ్ణి అర్థం అడుగుతారు. "కనీస హాజరు" నాకు ఇష్టం. వివరణగా వాడుకోవచ్చు.

ఇక క్రియ సంగతి. దానికి ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సంఘంలో 312 మంది సభ్యులున్నారు. ఓటు హక్కు ఉన్నవాళ్లలో అయిదో వంతు కోరమని నియమావళిలో ఉంది. బకాయిల వల్ల 25 మందికి ఓటు లేదు. మిగిలినవాళ్లు 287, అందులో అయిదో వంతు 57.4. మనిషిలో కొంత భాగం సభకు రాదు కాబట్టి దాన్ని 58 చేసుకోవాలి. హాజరు పుస్తకంలో 61 సంతకాలున్నాయి. కార్యదర్శి చూసి "అయిపోయింది" అన్నాడు. తీరా చూస్తే ఆ సంతకాల్లో నాలుగు ఓటు లేనివాళ్లవి, ఇంకో ఇద్దరు సంతకం పెట్టి ఇంటికి వెళ్లారు. ఉన్నది 55 మంది, అంటే ముగ్గురు తక్కువ. వేదిక మీదున్న అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ సభ్యులే కాబట్టి వాళ్లను లెక్కలో కలిపే ఈ 55. జీతానికి పనిచేసే కార్యదర్శి సభ్యుడు కాకపోతే ఆయన తల లెక్కకు రాదు.

పుస్తకం అయిపోయిందంటుంది, కుర్చీలు లేదంటాయి. కోరం ఒకసారి జరిగి ముగిసే పని అనుకోవడం వల్లే ఈ తేడా కనబడదు. నన్నడిగితే కోరం ఒక స్థితి. దానికి "ఉంది", "లేదు" అన్నవే సహజమైన క్రియలు. మధ్యలో జనం లేచిపోతే "కోరం తప్పింది" అనవచ్చు. "కోరం నిండింది" కూడా అందమైన మాటే. నిండిన కుండ తర్వాత వెలితి కావచ్చు కదా, ఆ సూచన అందులో ఉంది. "పూర్తయింది" మాత్రం ఇక తిరిగి చూడనక్కర్లేదన్నట్టు ధ్వనిస్తుంది. అయితే కొన్ని సంఘాల నియమావళి సభ మొదట్లో కోరం ఉంటే చాలంటుంది, మరికొన్నిటిది ప్రతి తీర్మానం వేళా ఉండాలంటుంది. మొదటి రకం సంఘంలో "పూర్తయింది" అన్నవాణ్ణి నేను తప్పు పట్టలేను. మీ నియమావళి ఏ రకమో చూసుకుని క్రియ ఎంచుకోండి. వ్యాకరణం ఇంతకు మించి తీర్పు ఇవ్వదు.

నా కోపమంతా ఇంకో మాట మీద. "కోరం ఉన్నట్లు ప్రకటించడం జరిగింది, సభను ప్రారంభించడం జరుగుతుంది." ఎవరు ప్రకటించారు? రేపు ఎవరైనా తీర్మానం చెల్లదని అభ్యంతరం పెడితే జవాబు చెప్పాల్సిన మనిషి ఈ వాక్యంలో లేడు. జరగడానికి అదేమైనా వర్షమా? పై లెక్కలోని సంఘమే అరగంట ఆగింది, ఓటున్న నలుగురు వచ్చారు అనుకోండి. అప్పుడు కార్యదర్శి లేచి ఇలా అంటే సరిపోతుంది: "ఓటు హక్కున్న సభ్యులు 287 మంది. కోరానికి 58 మంది కావాలి. ఇప్పుడు సభలో 59 మంది ఉన్నారు, నేను లెక్కపెట్టాను. కోరం ఉంది. అధ్యక్షులవారు సభ మొదలుపెట్టాలని కోరుతున్నాను." మినిట్సులో ఈ అంకె, వేళ, లెక్కపెట్టినవాళ్ల పేరు రాయాలి. ఆ నలుగురూ రాకపోతే "సభ రద్దయింది" అనకండి, "వాయిదా పడింది" అనండి. రెండూ ఒకటి కావు. చాలా నియమావళులు వాయిదా సభకు కోరం అక్కర్లేదంటాయి గానీ, పాత ఎజెండా దాటి కొత్త అంశం ఎత్తనివ్వవు. సభ్యులే పట్టుబట్టి పిలిపించిన సభకు కోరం లేకపోతే మాత్రం అది రద్దవడమే మామూలు.

ఎజెండా సంగతి ఒక ముక్క. లాటిన్‌లో అది "చేయవలసినవి" అనే బహువచనం, మనకు ఏకవచనం. ఎవరూ దిద్దలేరు, నేనూ దిద్దను. "ఎజెండా అంశాలు చదువుతాను" అనండి, చాలు.

వేదిక మీదివాళ్లను పరిచయం చేసేటప్పుడు "మన ఆఫీస్ బేరర్లు" అనడం మానండి. బేరర్ అనగానే హోటల్లో పళ్లెం పట్టుకొచ్చే మనిషే గుర్తొస్తాడు. "కార్యవర్గం" అని అందర్నీ ఒక గాటన కట్టడమూ సరికాదు. పాలకవర్గంలో పదకొండు మంది ఉంటే అందులో పదవి ఉన్నది ముగ్గురికో నలుగురికో. వాళ్లను అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి అని పదవితో పిలిచి, మిగతావాళ్లను పాలకవర్గ సభ్యులనండి. ఆ రోజు అధ్యక్షుడు రాకపోతే ఉపాధ్యక్షుడు, ఆయనా రాకపోతే వచ్చిన సభ్యులు తమలో ఎన్నుకున్న ఒకరు కుర్చీలో కూర్చోవడం వాడుక. అలా కూర్చున్నాయన "అధ్యక్షుడు" కాదు, "సభాధ్యక్షుడు". సంఘానికీ సభకీ మధ్య ఉన్న ఆ రెండక్షరాలు మింగేయకండి.