బడి పిల్లల డేటా: పేర్ల జాబితాను ఎప్పుడు చెరపాలి?

ప్రశ్న: ఎం.ఎడ్. ప్రాజెక్టు కోసం 7వ తరగతి పిల్లలకు జూలైలో, జనవరిలో పఠన పరీక్ష పెడుతున్నాను. డేటా ప్లాన్‌లో పేర్లు, నిల్వ, తొలగింపు గురించి ఏం రాయాలి?

రోల్ నంబర్‌నే కోడ్‌గా వాడకండి. హాజరు పట్టీ చూసిన ఎవరికైనా పేరు తెలిసిపోతుంది. వరుసతో సంబంధం లేని 417 లాంటి అంకె ఇచ్చి, జవాబు పత్రం మీద అదొక్కటే రాయించండి. పేరుకీ కోడ్‌కీ లంకె ఉన్న జాబితాను ఎన్‌క్రిప్ట్ చేసి, మార్కుల ఫైల్ లేని చోట దాచండి. పేర్లు, సంతకాలు ఉండే అంగీకార పత్రాలకు వేరే బీరువా, తాళం ఉండాలి.

ఆ జాబితాతో పని రెండు పరీక్షల మార్కులు జతపడేవరకే. సరిచూసుకున్నాక చెరిపే తేదీని, ఫిబ్రవరి 28 అనుకుందాం, ప్లాన్‌లోనే రాయండి. ఆ తర్వాత ఏ మార్కులు ఎవరివో మీకూ తెలియదు. కాబట్టి తమ బిడ్డ వివరాలు తీసేయమని తల్లిదండ్రులు అడగడానికి అదే గడువని అంగీకార పత్రంలో ముందే చెప్పాలి. చెరపడమంటే రీసైకిల్ బిన్, పెన్‌డ్రైవ్, క్లౌడ్ బ్యాకప్ కూడా. టీచర్ వాట్సాప్‌లో పంపిన రిజిస్టర్ ఫొటోనే చాలాసార్లు మిగిలిపోతుంది.

పేర్లు పోయినా, తరగతిలో వినికిడి లోపం ఉన్న అమ్మాయి ఒక్కతే ఉంటే మార్కుల ఫైల్‌లో ఆమె వరుస చూడగానే గుర్తుపడతారు. అలాంటి లోపాన్ని చూపే కాలమ్ తీసేశాకే ఆ ఫైల్‌ను మీ కాలేజీ నియమం చెప్పినంతకాలం ఉంచండి.