పాస్‌బుక్‌లో పెన్షన్ తక్కువగా పడింది, ఫిర్యాదు లేఖ ఎలా రాయాలి?

"నేను కేంద్ర ప్రభుత్వ పెన్షనర్‌ను. 2024 మే పెన్షన్ 27,000 మాత్రమే పడింది. బ్యాంకుకు ఏమని రాయాలి?"

ముందు లెక్క చూడండి. పాస్‌బుక్‌లో మొత్తం ఒక్కటే ఉంటుంది కాబట్టి బ్యాంకు నుంచి పెన్షన్ స్లిప్ అడిగి తీసుకోండి. మీ మూల పెన్షన్ 30,000, అందులో 12,000 కమ్యుటేషన్ చేశారనుకుందాం, అంటే ఆ భాగానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకున్నారన్నమాట. మిగిలింది 18,000. అప్పటి కరువు భృతి 50 శాతం. దాన్ని పూర్తి మూల పెన్షన్‌పై లెక్కించాలి కాబట్టి 15,000 రావాలి. మొత్తం 33,000. మీకు 27,000 పడిందంటే భృతిని 18,000 మీదే కట్టి ఉంటారు. తరచూ కనిపించే పొరపాటే ఇది.

లేఖలో కోపం వద్దు, అంకెలు చాలు. బ్రాంచి మేనేజరుకు ఇలా రాయండి:

"నా పి.పి.ఓ. నంబరు..., ఖాతా నంబరు... మే నెలకు 33,000 బదులు 27,000 జమ అయింది. కరువు భృతిని కమ్యుటేషన్‌కు ముందున్న మూల పెన్షన్‌పై లెక్కించి, తేడా 6,000ను బకాయిగా జమ చేయగలరు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 8 శాతం వార్షిక వడ్డీ కూడా చెల్లించగలరు. పాస్‌బుక్ పేజీ, పి.పి.ఓ. నకలు జతచేశాను."

మార్చి పెన్షన్ మాత్రం ఏప్రిల్‌లో పడుతుంది. అది ఆలస్యం కాదు. లేఖ రెండో ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లడానికి ఆ ముద్రే ఆధారం.